రోజూ 80 శాతం దగ్గర ఆపే అలవాటు వల్లే స్కూటర్ రేంజ్ తగ్గిందా?

నా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ 3 కిలోవాట్ అవర్లది, వయసు రెండేళ్లు. కొత్తలో ఎకో మోడ్‌లో 100 నుంచి 20 శాతానికి దిగేలోపు 76 కిలోమీటర్లు వచ్చేది. అదే దారిలో, నేనొక్కడినే వెళ్తున్నా ఇప్పుడు 58 మాత్రమే వస్తోంది.

టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. బ్రేకులు పట్టేయడం లేదు, చక్రాన్ని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోంది. స్క్రీన్ మీద ఖర్చు అప్పటిలాగే కిలోమీటరుకు 30 వాట్ అవర్లు. అంటే తేడా బండి లాగడంలో కాదు, బ్యాటరీలోనే ఉంది.

ఎనిమిది నెలలుగా, బ్యాటరీకి మంచిదని, 80 శాతానికే చార్జింగ్ ఆపేస్తున్నాను. ఈమధ్య ఎత్తు ఎక్కుతుంటే 24 శాతం ఒక్కసారిగా 11కి పడిపోతోంది. బండి ఆపి పది నిమిషాలు ఆగితే మళ్లీ 15 చూపిస్తోంది. మధ్యదారిలో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సెల్స్ మధ్య వోల్టేజీ సమం కావడం చాలా బ్యాటరీల్లో ఫుల్ చార్జ్ దగ్గరే జరుగుతుంది కదా. అందుకని మొన్న 100 శాతం చేసి, ఇంకో రెండు గంటలు ప్లగ్‌లోనే ఉంచాను. మర్నాడు 61 కిలోమీటర్లు వచ్చింది.

ఇది సెల్స్ సమంగా లేకపోవడమా, నిజంగానే కెపాసిటీ తగ్గడమా అన్నది బ్యాటరీ విప్పకుండా ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?