చార్టులో 1₈ ఉన్నచోట మీటరున్నర పడవ వెళ్తుందా?

కొత్తతెరచాప: కాకినాడ తీరం చార్టు కొన్నాను. హోప్ ఐలాండ్ లోపలి వైపు ఒకచోట 1, దాని పక్కన కిందికి దిగిన చిన్న 8 ఉన్నాయి. కొంచెం అవతల 0, చిన్న 6, వాటి కింద గీత. మా పడవ అడుగు నీటిలోకి మీటరున్నర దిగుతుంది. ఆ మీదుగా వెళ్ళవచ్చా?

లంగరు: చిన్న 8 అంటే దశాంశం, అక్కడ లోతు 1.8 మీటర్లు. అయితే అది ఈరోజు నీటి లోతు కాదు. ఆటు బాగా దిగినప్పుడు నీరు నిలిచే ఒక మట్టాన్ని చార్టు వేసినవారు ఎంచుకుని, అక్కడి నుంచి కిందికి కొలుస్తారు. దాని పేరే చార్ట్ డేటమ్. మీరు వెళ్ళే గంటకు పోటు పట్టికలో 0.9 ఉందనుకుందాం. 1.8కి అది కలిపితే 2.7. మీ పడవ అడుగు కింద 1.2 మిగులుతుంది. గీత ఉన్న అంకె దీనికి తలకిందులు. అక్కడి నేల డేటమ్ కంటే 0.6 ఎత్తున ఉంది. అదే గంటకు దాని మీద ఉండేది 0.3 మీటర్ల నీరు. కొంగలు నిలబడే చోటు అది.

పోటుమాట: అంటే 1.8 కనిష్ఠం అన్నమాట. అంతకంటే తగ్గదు. మీటరున్నర పడవ ఎప్పుడైనా వెళ్ళిపోతుంది. దానికి పట్టిక దేనికి, కొత్తవారిని భయపెట్టడం దేనికి?

సాయంకాలం: డేటమ్ అంటే సగటు సముద్ర మట్టం కదా? నేను అలాగే చదివాను.

లంగరు: కాదు, అది కొండల ఎత్తు చెప్పే మ్యాపుల సంగతి. ఇక పోటుమాట గారూ, "తగ్గదు" అన్నది తప్పు. మన చార్టులలో చాలాకాలంగా వాడుతున్నది ఇండియన్ స్ప్రింగ్ లో వాటర్. చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ మన తీరం కోసం కట్టిన లెక్క. సూర్యచంద్రుల వల్ల కలిగే నాలుగు ముఖ్యమైన ఆటుపోట్లనే అందులో తీసుకున్నారు, ఋతువులను కాదు. బంగాళాఖాతంలో నీటి మట్టం మార్చి ప్రాంతంలో తగ్గుతుంది, అక్టోబరు, నవంబరులలో పెరుగుతుంది. మార్చిలో అమావాస్య ఆటుకు నీరు డేటమ్ కిందికి పోవచ్చు. పట్టికలో అంకె ముందు మైనస్ కనిపిస్తే అర్థం అదే. మైనస్ 0.1 అయితే మీ 1.8 కాస్తా 1.7. అల పల్లానికి పడవ దిగితే ఆ 20 సెంటీమీటర్లు చాలవు.

పోటుమాట: పది సెంటీమీటర్ల కోసం ఇంత ఉపన్యాసమా? నేను శిక్షణకు డబ్బు కట్టిన చోట కూడా ఇదే తంతు. మూడు రోజులు పట్టికలు కూడించారు, పడవ ఎక్కించింది ఒక్క పూట.

ఉప్పునీరు: పది సెంటీమీటర్లు కాదు, మా విషయంలో మీటరు పోయింది. చార్టులో 2, పట్టికలో 0.5, పడవ 1.4. లెక్క ప్రకారం అడుగు కింద 1.1 మిగలాలి. ఇసుకలో దిగబడ్డాం. పైగా ఆటు దిగుతోంది. మళ్ళీ నీరు వచ్చేవరకు పక్కకు ఒరిగిన పడవలో గంటల తరబడి కూర్చున్నాం.

లంగరు: ఆ అంకెలు ఏ ఏడాది కొలిచినవో చూశారా? చార్టులో ఒక మూల చిన్న పటం ఉంటుంది, ఏ భాగాన్ని ఎప్పుడు సర్వే చేశారో అందులో ఉంటుంది.

ఉప్పునీరు: తర్వాత చూశాను. నేను పుట్టకముందు సర్వే.

పోటుమాట: అయితే చార్టే అబద్ధం! ఇంతసేపూ దాని మీద కూడికలు చెప్పింది మీరేగా? ఎవరి మాట నమ్మాలి?

లంగరు: ఇప్పటికి అసలు గొడవ బయటపడింది. ఆ అంకెను మీరు హామీగా చదువుతున్నారు. నేను దాన్ని ఒక రోజు కొలిచి రాసుకున్న మాటగా చదువుతాను. గోదావరి మట్టి తెచ్చి పోస్తూనే ఉంది, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె ఉత్తరానికి సాగుతూనే ఉంది. రాతి నేలపై పాత అంకె చాలాకాలం నిలుస్తుంది, ఇక్కడ నిలవదు.

పోటుమాట: మరి మా ఊరి జాలర్లు చార్టు లేకుండానే రోజూ వెళ్తున్నారే.

ఉప్పునీరు: వాళ్ళు రోజూ వెళ్తారు కాబట్టే మేట ఎక్కడికి జరిగిందో వాళ్ళకు తెలుసు. మన సంగతి అది కాదు. ఇప్పుడు నేను పోటు ఎక్కుతున్నప్పుడే అటు వెళ్తాను. దిగబడినా వచ్చే నీరే లేపుతుంది.

పోటుమాట: సర్వే పాతదైతే ఏ అంకెకు ఎంత తగ్గించుకోవాలో చెప్పండి చూద్దాం. చెప్పలేరు.

లంగరు: చెప్పలేను. అందుకే పడవలో లోతు చూపే పరికరం ఉండాలి. చార్టు, పట్టిక కలిపి 2.7 అన్నచోట అది 2.0 చూపితే, ముందుకు కాదు, వచ్చిన దారినే వెనక్కి.

కొత్తతెరచాప: ఇంకొకటి. 1₈కి వెళ్ళే దారిలో చేప ముల్లులాంటి గుర్తు ఉంది, చుట్టూ చుక్కల గుండ్రం. చేపలు పట్టే చోటేమో అనుకుని అడగలేదు.

లంగరు: అది మునిగిపోయిన ఓడ. చుక్కల గుండ్రం ఉందంటే పడవలకు ప్రమాదం అని. లోపల అంకె ఏమైనా ఉందా?

కొత్తతెరచాప: లేదు.

లంగరు: అయితే దాని మీద ఎంత నీరుందో ఎవరూ కొలవలేదు. కూడటానికి మీ దగ్గర అంకే లేదు. చుట్టూ తిరిగి వెళ్ళండి.

పోటుమాట: ఓడ మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాడినే కాదు.