పడమటి గుమ్మానికి గుడ్డ బంతిపూల తోరణం: ఎండకు వెలవని గుడ్డ ఏది?

విజయవాడలో పడమటి గుమ్మానికి ఉగాదికి కడితే దసరా దాకా నిలిచే గుడ్డ బంతిపూల తోరణం కావాలి. వెడల్పు మూడున్నర అడుగులు, పూలు 21. గ్లూ గన్ జిగురు మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి పూలు జారుతున్నాయి. అందుకే ఒక్కో పువ్వునూ నైలాన్ దారంతో కుట్టి రెండు ముళ్లు వేశాను. వానాకాలం తేమకు జనపనార తాడు బూజు పడుతుంది కాబట్టి తాడు కూడా నైలాన్‌దే.

మిగిలింది రంగు. రేకు మడత విప్పితే లోపల నారింజ నిండుగానే ఉంది, పైన మాత్రం తెల్లబోయింది. అంటే తడికి దిగిన రంగు కాదు, ఎండకు వెలిసిందే. నూలు తీసేటప్పుడే రంగు కలిపిన పాలిస్టర్ గుడ్డ ఇంతకన్నా నిలుస్తుంది. వన్‌టౌన్ కొట్లలో దాన్ని ఏమని అడగాలి? రేకుల్లా కుచ్చు పెడితే నిలబడుతుందా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.