యాప్ తీసేసినా ఆటోపే కోత: రీఫండ్ ఎవరిని అడగాలి?

ఫొటో ఎడిటింగ్ యాప్ ఉచిత ట్రయల్ ముగియగానే యూపీఐ ఆటోపే ద్వారా ₹799 కట్ అయింది. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదని తెలుసు. అందుకే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions, ఆ తర్వాత Subscriptions తెరిచాను. అక్కడ ఖాళీ! GPA.తో మొదలయ్యే ఆర్డర్ నంబరున్న రసీదు మాత్రం ఫోన్‌లోంచి తీసేసిన పాత జీమెయిల్‌కి వచ్చింది. అంటే సబ్‌స్క్రిప్షన్ ఆ ఖాతాదే.

ఆ ఖాతాతో లాగిన్ అయి రద్దు చేశాను, యూపీఐ యాప్‌లో మాండేట్ కూడా తీసేశాను. ఇవి రాబోయే కోతలనే ఆపుతాయి, పోయిన డబ్బు తేవు. గూగుల్‌ని నేరుగా రీఫండ్ అడిగే 48 గంటలు దాటిపోయాయి, ఇక డెవలపర్‌కే రాయాలి.

డెవలపర్ జవాబివ్వకపోతే బ్యాంకులో ఫిర్యాదు చేయొచ్చా? మాండేట్‌కి పిన్ కొట్టింది మనమే కాబట్టి అనధికార లావాదేవీ అంటే నిలవదు. ఏ కారణం రాస్తే తీసుకుంటారు? ఇలా డబ్బు వెనక్కి వచ్చినవాళ్లుంటే చెప్పండి.