తాత పతకాలు, డిశ్చార్జ్ కాగితం: ఆయన ఎక్కడ గాయపడ్డారు, ఎక్కడ ఖైదీగా ఉన్నారు?

నెల్లిమర్ల శ్రీను
మా అమ్మగారి తాత రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజనీరింగ్ దళంలో పనిచేశారు. మా మామయ్య ఇంట్లో రేకు పెట్టెలో ఒక డిశ్చార్జ్ కాగితం, నాలుగు పతకాలు దొరికాయి. కాగితంలో మూడు ముక్కలు చదవగలిగాం. ఎడమ తొడకు ‘జి.ఎస్.డబ్ల్యూ.’, అంటే తూటా గాయమట, తేదీ 7-1-42. ‘గల్లంతు’, 15-2-42. చివరగా ‘న్యూ బ్రిటన్’ అని ఏదో ఉంది, 1945లో. తాతను బర్మాలో కాల్చారని, ఆ తర్వాత బ్రిటన్ తీసుకెళ్లి ఆసుపత్రిలో పెట్టారని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. పతకాల్లో రెండు నక్షత్రాలు, రెండు గుండ్రనివి. గుండ్రని వాటిలో ఒకదాని మీద భారతదేశం పటం ఉంది. ఆసుపత్రి రికార్డు, ఖైదీ రికార్డు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారు చెప్పండి.

పలాస రాజు
శ్రీను గారూ, దీనికి వెబ్‌సైట్ ఉంది. మూడు లక్షలకు పైగా సిపాయిల పేర్లు ఊరి వారీగా పెట్టారు, మా స్నేహితుడు చూశాడు. మన జిల్లాల పేర్లు కూడా ఉండాలి. ఇక బర్మాలో గాయపడ్డారంటే బర్మా స్టార్ రావాలి. మీ దగ్గర లేదంటే పోయి ఉంటుంది, లేదా ఎవరో అమ్మేసి ఉంటారు.

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
రాజు బాబూ, ఆ వెబ్‌సైట్ నిజమే. కానీ అది మొదటి ప్రపంచ యుద్ధంలో పంజాబ్ నుంచి వెళ్లినవారి రిజిస్టర్లు. లాహోర్ మ్యూజియంలో ఉండిపోయిన పుస్తకాలను ఈ మధ్య కంప్యూటర్‌లో ఎక్కించారు. అందులో మన చికాకోల్ వాళ్లు ఎందుకుంటారు?

శ్రీను, నేను రికార్డ్స్ ఆఫీసులో గుమాస్తాగా చాలాకాలం పనిచేశాను, తెలిసినంత చెబుతాను. ముందు బర్మాను పక్కన పెట్టు. 1942 జనవరి 7 మలయాలో స్లిమ్ నది దగ్గర జపాన్ టాంకులు 11వ భారత డివిజన్‌ను చీల్చుకుపోయిన రోజు. ఫిబ్రవరి 15 సింగపూర్ లొంగిపోయిన రోజు. రెండు తేదీలూ మలయా యుద్ధంలోవే. నక్షత్రాల మీద ఏమి రాసుందో చూడు. రిబ్బన్ రంగును నమ్మవద్దు, రిబ్బన్లు మారుతుంటాయి. మధ్యలో రాజు గుర్తు చుట్టూ గుండ్రంగా ఉన్న అక్షరాలు చదువు. ఒకటి ‘1939–1945 స్టార్’, రెండోది ‘పసిఫిక్ స్టార్’ అయి ఉంటుందని నా అంచనా. 1941 డిసెంబరు 8 నుంచి సింగపూర్ పడిపోయేదాకా మలయాలో పోరాడినవారికి పసిఫిక్ స్టారే ఇచ్చారు, బర్మా స్టార్ కాదు. ఒకవేళ ఒకే మనిషికి రెండింటికీ అర్హత ఉన్నా రెండు నక్షత్రాలు ఇవ్వరు. మొదట అర్హత వచ్చిన నక్షత్రం ఇచ్చి, దాని రిబ్బన్ మీద రెండోదాని పేరున్న చిన్న పట్టీ వేస్తారు.

ఇంకొకటి. గాయానికని గానీ, ఖైదుకని గానీ ఆ రోజుల్లో బ్రిటిషు వారు పతకం ఇవ్వలేదు. కాబట్టి పతకాల్లో గాయం కథ వెతకవద్దు. ఎక్కడ పోరాడాడన్నదే అవి చెబుతాయి.

నెల్లిమర్ల శ్రీను
సుబేదార్ గారూ, మీరు చెప్పినట్టే ఉంది. ఒకటి 1939–1945, ఒకటి పసిఫిక్ స్టార్. బ్రిటన్ సంగతి మాత్రం అర్థం కాలేదు.

బొబ్బిలి వేణి
శ్రీను గారూ, న్యూ బ్రిటన్ ఇంగ్లండ్‌లో లేదు. న్యూ గినీ పక్కన ఉన్న పెద్ద దీవి. దాని రేవు రబౌల్, జపాన్‌వారికి పెద్ద స్థావరం. నేను చరిత్ర పాఠాలు చెబుతాను, ఈ విషయం మీద కొంత చదివాను. సింగపూర్‌లో పట్టుబడిన భారతీయ సైనికులను 1943లో ఓడల్లో ఆ దీవులకు తరలించి కూలీలుగా వాడారు. న్యూ గినీలో వేవాక్ వైపు దింపినవారిలో చాలా కొద్దిమందే బతికారు. రబౌల్ చుట్టుపక్కల మాత్రం కొన్ని వేలమంది మిగిలారు. 1945 సెప్టెంబరులో అక్కడ దిగిన ఆస్ట్రేలియా సైన్యం వాళ్లను విడిపించింది. మీ కాగితంలో మాట అదే అయి ఉంటుంది.

అందుకని మీ తాతగారి ఆనవాలు లండన్‌లో కంటే ఆస్ట్రేలియాలో దొరికే అవకాశం ఎక్కువ. రబౌల్‌లో జరిగిన యుద్ధ నేరాల విచారణల్లో భారతీయ సైనికులు ఇచ్చిన వాంగ్మూలాలు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వారి రికార్డ్‌సెర్చ్‌లో చాలా ఫైళ్లు ఇంట్లో కూర్చునే చదవవచ్చు. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో విడుదలైన భారతీయుల ఫొటోలు ఉన్నాయి, కొన్నిటి కింద పేర్లు కూడా రాసి ఉంటాయి. నేను వెతికితే తెలుగు పేర్లు తగులుతూనే ఉన్నాయి, కానీ అక్షరక్రమం ఎవరికి తోచినట్టు వారు రాశారు. అప్పలస్వామి అనే పేరును ఒక్క ఫైల్లోనే మూడు రకాలుగా చూశాను. ఇంటిపేరు చాలాచోట్ల ఎగిరిపోతుంది. పేరుతో కాకుండా రబౌల్, ఇండియన్ అనే మాటలతో ఫైళ్లు తెరిచి, లోపల నంబరు పట్టుకుని చూడండి.

గరివిడి సత్యం
అయ్యా, మా నాన్నగారు కూడా మిలిటరీయే. మా అమ్మకు రెండో యుద్ధం వితంతువుల సాయం ఆగిపోయింది. దాని గురించి ఎవరిని అడగాలి? ఇక్కడ చెప్పేవారు ఉంటారని రాస్తున్నాను.

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
సత్యం గారూ, విజయనగరంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జ్ బుక్కు, బ్యాంకు పుస్తకం పట్టుకుని వెళ్లండి. దానికి వేరే చర్చ మొదలుపెడితే అందరికీ మంచిది.

శ్రీను, తర్వాతి సంగతి జాగ్రత్తగా చూడు. నువ్వు చెప్పిన గాయం వరస చివర ‘అధికారం’ అనే గడి ఉంటుంది. అందులో పార్ట్ టూ ఆర్డర్, అంటే సిపాయి వివరాల్లో మార్పును నమోదు చేసే ఉత్తర్వు నంబరు, సంవత్సరం రాస్తారు. అది ఏ సంవత్సరం?

నెల్లిమర్ల శ్రీను
భూతద్దం పెట్టి చూశాను. సిరా వెలిసిపోయింది కానీ గీతకు అవతల 46 అని ఉంది. గాయం, గల్లంతు రెండింటికీ ఒకే నంబరు, ఒకే 46. గాయం 42లో అయితే ఇది 46 ఎలా అవుతుంది?

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
నేను అనుకున్నదే. అసలు పద్ధతి ఏమిటంటే, సిపాయి ఆసుపత్రిలో చేరితే ఆసుపత్రి యూనిట్‌కు రాస్తుంది, యూనిట్ పార్ట్ టూ ఆర్డర్‌లో వేస్తుంది, దాన్నిబట్టి రికార్డ్స్ ఆఫీసులో షీట్ రోల్‌లో, అంటే సిపాయి సర్వీసు కాగితంలో ఎక్కిస్తారు. ఆ దారిలో వచ్చి ఉంటే ఆర్డర్ 42 నాటిదే అయ్యేది. ఇక్కడ ఆర్డర్ 46 నాటిది. అంటే సింగపూర్‌లో యూనిట్ కాగితాలన్నీ పోయాయి. తాత తిరిగి వచ్చాక ఆయన్ను అడిగి, ఆయన చెప్పింది రాసుకుని ఆర్డర్ వేశారు. కాబట్టి జనవరి 7 అన్నది డాక్టరు రాసిన తేదీ కాదు, నాలుగేళ్ల తర్వాత తాత జ్ఞాపకం. స్లిమ్ నది రోజుతో సరిపోతోంది కనుక నమ్మవచ్చు. కానీ ‘జి.ఎస్.డబ్ల్యూ.’ అంటే తూటాయే అని పట్టుబట్టవద్దు. ఫిరంగి గుండు ముక్క తగిలినా కొందరు అలాగే రాసేవారు.

గల్లంతు తేదీ కూడా అలాంటిదే. కాగితాలు లేనివారికి సింగపూర్ పడిన రోజునే గల్లంతు అని వేయడం సులువు. ఆయన అంతకు ముందే, గాయంతో అడవిలో పట్టుబడి ఉండవచ్చు. కాగితాన్నిబట్టి మాత్రం అది తేలదు.

బొబ్బిలి వేణి
ఆసుపత్రి రిజిస్టరు దొరకడం మీద నాకూ ఆశ లేదు. సింగపూర్‌లో టైర్సాల్ పార్క్‌లోని భారతీయ సైనిక ఆసుపత్రి 1942 ఫిబ్రవరిలో బాంబులకు తగలబడింది. మంచాల మీదున్న రోగులే చాలామంది కాలిపోయారు. రిజిస్టర్లు ఎవరు మోస్తారు? రెడ్‌క్రాస్ కార్డుల సంగతి కూడా చెబుతాను. మొదటి యుద్ధంలో ఖైదీల కార్డులను జెనీవావారు ఇంటర్నెట్‌లో ఉంచారు, రెండో యుద్ధానివి ఉంచలేదు. కుటుంబం దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాదిలో కొన్ని రోజులే ఫారం తెరుస్తారు, నిర్ణీత సంఖ్య నిండగానే మూసేస్తారు. పైగా భారతీయ ఖైదీల పేర్లు జపాన్‌వారు సరిగ్గా పంపలేదు. దరఖాస్తు పెట్టండి, కానీ దానికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

పలాస రాజు
అయితే ఆ పటం ఉన్న పతకం ఏమిటి? అది ఖైదీలకు ఇచ్చిందేమో.

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
కాదు బాబూ, అది ఇండియా సర్వీస్ మెడల్. యుద్ధకాలంలో మూడేళ్లు ఈ దేశంలోనే, యుద్ధరంగానికి దూరంగా పనిచేసినవారికి ఇచ్చారు. యుద్ధం మొదలైంది 1939 సెప్టెంబరులో. శ్రీను తాత 1942 ఫిబ్రవరికి సింగపూర్‌లో ఖైదీ. మధ్యలో మూడేళ్లు ఎక్కడ సరిపోయాయి? ఆ పతకం ఆయనది అయ్యే అవకాశం తక్కువ. శ్రీను, భారత సైన్యానికి ఇచ్చిన ఈ పతకాల మీద నంబరు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. గుండ్రని వాటికి అంచు మీద, నక్షత్రాలకు వెనుక వైపు. పాలిష్ పెట్టి రుద్దవద్దు. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పెట్టి తిప్పుతూ చూడు.

నెల్లిమర్ల శ్రీను
చూశాను సార్. మూడింటి మీద ఒకే నంబరు, డిశ్చార్జ్ కాగితంలో ఉన్నదే. పటం ఉన్నదాని మీద వేరే నంబరు, యూనిట్ దగ్గర ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది. పేరు చివర అరిగిపోయింది. మామయ్యను అడిగితే, తాత తమ్ముడు మిలిటరీలో లారీ డ్రైవరుగా చేసేవాడని ఇప్పుడు చెబుతున్నారు! ఇన్నాళ్లూ నాలుగూ ఒక్కరివే అనుకున్నాం.

మామయ్య ఇంకో మాట అడగమంటున్నారు. తాత నేతాజీ సైన్యంలో చేరాడని ఊళ్లో అనేవారట. అది నిజమేనా?

పలాస రాజు
పతకాలు ఇచ్చారంటే చేరలేదనే కదా. చేరినవారికి బ్రిటిషు వారు ఎందుకిస్తారు?

బొబ్బిలి వేణి
అంత సులువుగా తేలదు రాజు గారూ. 1942లో మోహన్ సింగ్ కట్టిన మొదటి సైన్యంలో చేరి, ఆ డిసెంబరులో అది విడిపోయాక రెండోసారి చేరనివారు ఉన్నారు. అలాంటివారిని కూడా 1943లో కూలి ఓడలు ఎక్కించారు. కాబట్టి న్యూ బ్రిటన్ అని ఉందంటే చివరిదాకా ఆ సైన్యంలో లేరని చెప్పగలం గానీ, ఎప్పుడూ చేరలేదని చెప్పలేం. తిరిగి వచ్చిన ప్రతివారినీ ప్రశ్నించి, బ్రిటిషు వారి పట్ల విధేయతనుబట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా వేరుచేశారు. ఆ మాట షీట్ రోల్‌లో ఎక్కిందేమో.

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
షీట్ రోల్ ఉంటే కదా అమ్మా. పింఛను లేనివారివి డిశ్చార్జ్ అయిన 25 ఏళ్లకు తీసేస్తారు. లాంగ్ రోల్ అనే పేర్ల పుస్తకం మాత్రం ఉంచుతారు, అందులో ఒక్క వరస దొరుకుతుంది. శ్రీను, తాతకు కాలికి వైకల్య పింఛను వచ్చేదా? వచ్చి ఉంటే మెడికల్ బోర్డు కాగితం పింఛను ఫైల్లో మిగిలే అవకాశం ఉంది. గాయం గురించి డాక్టరు చేతిరాత అంటూ దొరికితే అక్కడే.

మద్రాస్ సాపర్స్‌నే ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటారు, బెంగళూరులో దాని రికార్డ్స్‌కు రాయి. నంబరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా తప్పక ఉండాలి. జిల్లా దగ్గర విజయనగరం అని రాసి ఊరుకోవద్దు. ఆ జిల్లా 1979లో వచ్చింది. వారి పుస్తకంలో విశాఖపట్నం జిల్లా అని, పాత స్పెల్లింగ్‌లో ఉంటుంది.

నెల్లిమర్ల శ్రీను
పోస్టాఫీసులో నెలనెలా ఏదో తీసుకునేవారని అమ్మ చెబుతోంది. అది పింఛనో, మరొకటో తెలియదు. పాత పాస్‌బుక్కు కోసం మామయ్య అటక ఎక్కారు. ఈలోగా బెంగళూరుకు ఉత్తరం రాస్తున్నాను, తమ్ముడి పతకం మీద నంబరుతో ఎవరికి రాయాలో కూడా చెప్పండి.

టెక్కలి సుబేదార్ (రిటైర్డ్)
ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే సైన్యానికి సరుకులు, రవాణా చూసే దళం, ఇప్పటి ఎ.ఎస్.సి. దాని రికార్డ్స్‌కు రాయి, అదీ బెంగళూరే. రెండు ఉత్తరాలూ వేరువేరుగా పంపు. ఒకే కవరులో పెడితే రెండోది ఎవరూ చూడరు.