గైడుకు థీసిస్ మెయిల్: "కంటెంట్ ఏమీ మారలేదు" అని రాయొచ్చా?

వేరుశనగ_స్కాలర్ (అనంతపురం)
ఎకనామిక్స్ పీహెచ్‌డీ, మన జిల్లాలో డ్రిప్ పెట్టుకున్న వేరుశనగ రైతుల మీద. ప్రీ సబ్మిషన్ అయిపోయినాక డిపార్ట్‌మెంట్ వాళ్లు కొత్త టెంప్లేట్ ఇచ్చినారు. నాది ఏడు అధ్యాయాలు: పరిచయం, సమీక్ష, ప్రాంతం, పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు. ఇప్పుడు ఐదే ఉండాలంట. సమీక్ష పరిచయంలో కలిసింది, ప్రాంతం పద్ధతిలో కలిసింది. ఫలితాలు, చర్చ కలిపి, మళ్లీ లక్ష్యాల ప్రకారం రెండుగా విడగొట్టాల. 20 రోజులు పట్టింది. మా సార్ ఆగస్టులో పాత డ్రాఫ్ట్ మీద 43 కామెంట్లు పెట్టినారు, అవి కూడా చాలావరకు సరిచేసినా. ఇప్పుడు పంపే మెయిల్ ఇది (ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతున్నా):

"గౌరవనీయులైన సార్, కొత్త టెంప్లేట్ ప్రకారం మార్చిన థీసిస్ జతచేశాను. అధ్యాయాల వరుస మాత్రమే మారింది, కంటెంట్ ఏమీ మారలేదు. దయచేసి చూసి ఆమోదించగలరు."

ఇంతే సరిపోతుందా? పీడీఎఫ్ పంపాల్నా, వర్డ్ పంపాల్నా?

బురుజు_నీడ (కర్నూలు)
సరిపోతుంది. గైడ్లు మెయిల్ చదవరు. సంతకం కోసం నువ్వే పోయి గది ముందు నిలబడాల. నేను నాలుగు రోజులు నిలబడినా, ఐదో రోజు సార్ సెలవు.

సప్తగిరి_డీటీపీ (అనంతపురం)
పన్నెండేళ్ల నుంచి థీసిస్‌లు సెట్ చేస్తున్నా, టెంప్లేట్ మారిందని ఏడ్చుకుంటా వచ్చినోళ్లను చానామందిని చూసినా. మెయిల్ సంగతి తర్వాత. ముందు ఫైల్ తెరిచి Ctrl+A, F9 కొట్టు. "Error! Reference source not found." అని ఎన్నిచోట్ల వస్తుందో లెక్కపెట్టు. పట్టికను కట్ చేసి పేస్ట్ చేసుంటే లింకు దాంతోపాటే వస్తుంది. కాపీ చేసి, తర్వాత పాతదాన్ని డిలీట్ చేసుంటే లింకు పాతదాంతోనే పోతుంది. స్కాలర్లంతా రెండోదే చేస్తారు, భయం గదా.

వేరుశనగ_స్కాలర్
కొట్టినా అన్నా. 11 వచ్చినాయి. దేవుడా.

సప్తగిరి_డీటీపీ
ఆ 11 గురించి దిగులు వద్దు, కంటికి కనపడతాయి. చేత్తో టైపు చేసిన "పట్టిక 5.7" ఉంటుంది చూడు, అది ఏ ఎర్రరూ చూపించదు. పైగా 5.7 అనేది కొత్త థీసిస్‌లో కూడా ఉంటే సరైందే అనుకుంటాం. "పట్టిక", "అధ్యాయం" అని ఒక్కోటీ వెతుకు. ఇంకోటి, Ctrl+A కొడితే ఫుట్‌నోట్లు రావు. ఒక ఫుట్‌నోట్‌లో కర్సర్ పెట్టి మళ్లీ Ctrl+A, F9 కొట్టాల.

ఫీల్డ్_టు_లేటెక్స్ (కడప)
అందుకే వర్డ్ వద్దు అనేది. లేటెక్స్‌లో \label, \ref పెట్టుకుంటే అధ్యాయాలు ఎట్ల తిప్పినా నంబర్లు వాటికవే మారతాయి. నాకు ఒక పూట పని. 20 రోజులేంది తల్లీ!

సప్తగిరి_డీటీపీ
ఒక పూటంట! ఎకనామిక్స్ గైడుకు టెక్స్ ఫైల్ పంపి కామెంట్లు పెట్టమను సామీ, చూద్దాం. నా దగ్గరికి వచ్చిన లేటెక్స్ వీరులు చివరికి పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చియ్యమని అడిగినోళ్లే.

ఫీల్డ్_టు_లేటెక్స్
అది గైడు లోపం గానీ సాఫ్ట్‌వేర్ లోపం కాదు. నువ్వు పేజీకి ఇంత అని తీసుకుంటావు గాబట్టి నీకు వర్డే బాగుంటుందిలే.

సప్తగిరి_డీటీపీ
పేజీకి తీసుకుంటా, ఊరికే చేయడానికి నాకేం ఫెలోషిప్ వస్తోందా? "గత అధ్యాయంలో చూసినట్లు" అని నువ్వు రాసిన వాక్యాన్ని నీ లేటెక్స్ మారుస్తుందా? ఆ గత అధ్యాయం ఇప్పుడు రెండు అధ్యాయాల అవతలికి పోయింటే?

ఫీల్డ్_టు_లేటెక్స్
...అది మార్చదు. ఒప్పుకున్నా. నా దాంట్లో అట్లాంటివి ఆరు మిగిలిపోయి, వైవాలో ఎగ్జామినర్ ఒకటి చదివి వినిపించినాడు.

తుంగభద్ర_కెమిస్ట్రీ (కర్నూలు)
మీ కొట్లాట ఆపితే అసలు విషయం చెబుతా. "కంటెంట్ ఏమీ మారలేదు" అనే వాక్యం తీసెయ్యమ్మా. నేను సరిగ్గా అదే రాసి ఇరుక్కున్నా.

మాది కూడా ఫలితాలు, చర్చ కలపమన్న టెంప్లేటే. కలిపి, మారలేదని రాసి పంపినా. సార్ నమ్మి పైపైన చూసి సంతకం పెట్టినారు. బైండింగ్‌కు ఇచ్చే ముందు రోజు రాత్రి ఊరికే పదాల లెక్క చూసినా. పాత ఫైల్‌లో 58,210, కొత్తదాంట్లో 57,790. 420 పదాలు తక్కువ. తీసేసిన శీర్షికలు ఒక ముప్పై అనుకుందాం, మిగతావి యాడికి పోయినాయి? తెల్లారిందాకా వెతికితే దొరికింది: ఒక శాంపిల్ ఎందుకు పక్కన పెట్టినామో చెప్పే పేజీ మొత్తం పోయింది. పాత చర్చ అధ్యాయం నుంచి ముక్కలు తీసేటప్పుడు అది రెండు ముక్కల మధ్య పడిపోయింది. ఎగ్జామినర్ మొదట అడిగే ప్రశ్నకు జవాబు అదే. సంతకమైన ఫైల్ మార్చాలంటే మళ్లీ సార్ దగ్గరికి పోయి చెప్పుకోవాల. ఆ రోజు తిన్న తిట్లు ఇక్కడ రాయను.

అందుకే రెండు దశల్లో చెయ్యాల. మొదటి దశలో జరపడం తప్ప ఒక్క అక్షరం ముట్టుకోకుండా ఒక ఫైల్ సేవ్ చేసుకో. దాని పదాల లెక్క పాతదానితో సరిపోవాల (ఫుట్‌నోట్లు కలిపే టిక్కు రెండిట్లో ఒకే మాదిరి ఉండాల). ఆ తర్వాత ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి రెండో ఫైల్‌లో మార్పులు చెయ్యి. రెండూ కలిపి చేసి, చివర్లో పాతదానితో కంపేర్ చేస్తే పేజీలన్నీ ఎర్రగా వస్తాయి, ఎవరికీ ఏమీ అర్థం కాదు.

బురుజు_నీడ
అధ్యాయాలు మారినాయంటే టైటిల్ మార్పు పర్మిషన్ కావాల. ఆర్‌డీసీకి పోవాల. ప్లేజరిజం రిపోర్టు కూడా మళ్లీ.

పాత_గైడు (అనంతపురం, రిటైర్డ్)
టైటిల్ మారలేదు కదా నాయనా, ఆ పర్మిషన్ ఎందుకు? ప్లేజరిజం రిపోర్టు విషయంలో మాత్రం నీ మాట సగం నిజం. వరుస మారినంత మాత్రాన శాతం పెద్దగా మారదు గానీ, సబ్మిట్ చేసే ఫైలుకే రిపోర్టు ఉండాలని లైబ్రరీ వాళ్లు పట్టుబడతారు. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం దాకా శిక్ష లేదు. దానికి భయపడాల్సిన పని లేదు, ఒకసారి తీయించుకుంటే పోతుంది. సినాప్సిస్‌లో ఏడు అధ్యాయాలని రాసి ఉంటే మాత్రం రీసెర్చ్ సెక్షన్‌లో ముందే అడగడం మంచిది.

అమ్మాయ్, నువ్వు చెప్పినదాంట్లో నాకు రెండు అనుమానాలు. ఒకటి, పాత ఆరో అధ్యాయంలో ప్రతి చర్చ ముందూ "ఐదో అధ్యాయంలో చూసినట్లు" అని ఫలితాన్ని మళ్లీ రెండు ముక్కల్లో చెప్పి ఉంటావు. ఇప్పుడు ఫలితం పైపేరాలోనే ఉంది, కాబట్టి అవి తీసేసి ఉంటావు. తీశావంటే కంటెంట్ మారినట్లే. రెండు, కొత్త టెంప్లేట్‌లో లక్ష్యాలు ముందా, సమీక్ష ముందా?

వేరుశనగ_స్కాలర్
అవును సార్, 14 చోట్ల తీసినా. టెంప్లేట్‌లో 1.3 లక్ష్యాలు, 1.4 సమీక్ష.

పాత_గైడు
అదే నేననుకున్నది. పాతదాంట్లో సమీక్ష చివర ఫలానాది ఎవరూ చూడలేదు అని తేల్చి, దాన్నుంచి లక్ష్యాలు తెచ్చి ఉంటావు. ఇప్పుడు లక్ష్యాలు ముందొచ్చి కూర్చున్నాయి, వాటికి కారణం వెనక పడింది. చదివేవాడికి ఈ లక్ష్యాలే ఎందుకు అని అనిపిస్తుంది. ఇది నువ్వు ఒక్కదానివే తేల్చకూడదు, మీ సార్‌ను సూటిగా అడగాలి. మెయిల్‌లో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

నా దగ్గరికి ఏటా ఇట్లాంటి మెయిళ్లు వచ్చేవి. నేను చూసేది ఏమిటంటే, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాడిని నేను గనుక, ఏ పేజీలు మళ్లీ చదవాలి, ఏవి చదవక్కర్లేదు. అది చెప్పకుండా 240 పేజీలు పంపితే పక్కన పెట్టేసేవాణ్ని. చెడ్డ బుద్ధే, కానీ అందరిదీ అదే.

యోగి_తెలుగు (కడప)
మీకు వర్డ్ అయినా ఉంది. మాది తెలుగు శాఖ, నా థీసిస్ అంతా అనూ ఫాంట్లలో ఉంది. పీడీఎఫ్‌లో నుంచి కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. కొత్త టెంప్లేట్ యూనికోడ్‌లోనే ఉండాలంటున్నారు. మార్చే సాఫ్ట్‌వేర్‌తో మారిస్తే వత్తులు కొన్ని ఎగిరిపోతున్నాయి. ఎవరన్నా చేసినారా?

బురుజు_నీడ
బైండింగ్‌కు ఏ రంగు రెక్సిన్ అన్నారో ఎవరైనా చెప్పండి. మా వాళ్లు నలుపు అంటున్నారు, ఆఫీసులో ఇంకోటి అంటున్నారు.

వేరుశనగ_స్కాలర్
అందరికీ థ్యాంక్స్. మళ్లీ రాసినా. సబ్జెక్ట్ లైన్: "థీసిస్ డ్రాఫ్ట్, కొత్త టెంప్లేట్ (7 నుంచి 5 అధ్యాయాలు), ఒక విషయంలో మీ నిర్ణయం కావాలి".

"సార్, నమస్కారం. కొత్త టెంప్లేట్ ప్రకారం అమర్చిన పూర్తి డ్రాఫ్ట్ పంపుతున్నాను. మీ నిర్ణయం కావలసింది ఒకటే: టెంప్లేట్‌లో లక్ష్యాలు (1.3) సమీక్ష (1.4) కంటే ముందున్నాయి. పరిశోధనలో లోటు ఏమిటో తెలియకముందే లక్ష్యాలు వస్తున్నాయి. వరుస మార్చమంటారా, అట్లే ఉంచమంటారా?

పాత 1, 2 అధ్యాయాలు ఇప్పుడు 1లో, 3, 4 ఇప్పుడు 2లో ఉన్నాయి. పాత 5, 6 కలిసి, మొదటి రెండు లక్ష్యాలవి 3లోకి, మిగతా రెండు 4లోకి వెళ్లాయి. 7 ఇప్పుడు 5. అధ్యాయం 2 జరిపినదే, మళ్లీ చదవనవసరం లేదు. 3, 4 లలో పునరుక్తి వాక్యాలు 14 చోట్ల తీసేశాను, రెండు చోట్ల కలిపే వాక్యాలు కొత్తగా రాశాను. అవి ట్రాక్ చేంజెస్‌లో కనిపిస్తాయి. ఆగస్టులో మీరు ఇచ్చిన 43 కామెంట్లకు పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన రాసిన పట్టిక విడిగా జతచేశాను. అందులో 41 పూర్తయ్యాయి, రెండింటి గురించి మీతో మాట్లాడాలి. వర్డ్ ఫైల్ మీ కామెంట్లకు, పీడీఎఫ్ చదవడానికి."

తుంగభద్ర_కెమిస్ట్రీ
పదాల లెక్క సరిపోయిందా?

వేరుశనగ_స్కాలర్
మొదటి దశ ఫైల్‌లో 26 తక్కువ వచ్చింది. అన్నీ తీసేసిన శీర్షికలే, ఒక్కొక్కటీ చూసుకున్నా. మ్యాపులతో ఫైల్ 31 ఎంబీ అయ్యింది, జీమెయిల్ 25 దాటితే డ్రైవ్ లింకు చేస్తుంది గదా. సార్ "యాక్సెస్ లేదు" అంటారని ఫొటోలు కుదించి 18కి తెచ్చినా.

ఫీల్డ్_టు_లేటెక్స్
మెయిల్ పొడుగైంది. "దయచేసి ఆమోదించగలరు" ఎందుకు తీసినావు? పెద్దోళ్లకు మర్యాద వద్దా?

పాత_గైడు
ప్రశ్న సూటిగా అడగడమే మర్యాద. పొడుగు సంగతి నిజమే, కానీ ప్రశ్న పైనే ఉంది గనుక ఫోన్‌లో చదివినా పోదు.

వేరుశనగ_స్కాలర్ (రెండు రోజుల తర్వాత)
సార్ జవాబు వచ్చింది. ఉన్నదున్నట్లు: "టెంప్లేట్ వరుస మార్చవద్దు. 1.2 చివర లోటు గురించి ఒక పేరా చాలు. 3, 4 చదివాను, బాగానే ఉన్నాయి. 118వ పేజీ ఫుట్‌నోట్‌లో పట్టిక 5.7 అని ఉంది. ఐదో అధ్యాయంలో పట్టికలే లేవు."

సప్తగిరి_డీటీపీ
ఫుట్‌నోట్ అని చెప్పినా కదమ్మా!

వేరుశనగ_స్కాలర్
F9 కొట్టినా అన్నా. అది చేత్తో టైపు చేసింది.

యోగి_తెలుగు
అనూ ఫాంట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.