వెండర్ అన్నిటికీ ‘అవును’ అన్నాడు, లోటు కింద ఏం రాయాలి?

కడప: మా ఆసుపత్రికి రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నాం, క్లౌడ్‌లో నడిచేది. వెండర్ సెక్యూరిటీ ప్రశ్నపత్రం నింపి పంపాడు. దాదాపు అన్నిటికీ ‘అవును’ అనే ఉంది. ఐటీ రివ్యూయర్ గారేమో లోటుపాట్లు, రిస్కులు ఒక్క పేజీలో కావాలంటున్నారు. ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

అనంతపురం: ‘కాదు’ అన్నవి ఏరి హై రిస్క్ అని రాసేయండి. మిగతావి వదిలేయొచ్చు.

కర్నూలు: ‘కాదు’లు చూడాల్సిందే, కానీ ఆ మనిషి కనీసం ఉన్నది చెప్పాడు. నేను ఎక్కువసేపు కూర్చునేది రుజువు లేని ‘అవును’ల దగ్గరే. తమ్ముడూ, సమాచార భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 27001కీ బ్యాకప్‌కీ ఏం రాశాడో ఉన్నదున్నట్టు పెట్టు.

కడప: ఐఎస్ఓకి ‘అవును, సర్టిఫికెట్ జతపరిచాం’. బ్యాకప్‌కి ‘అవును, రోజుకొకసారి’. బ్యాకప్ నుంచి రికార్డులు తిరిగి తెచ్చి చూసే రీస్టోర్ పరీక్ష ఎప్పుడు చేశారంటే ‘అవసరమైనప్పుడు’.

కర్నూలు: సర్టిఫికెట్ మీద పేరెవరిది?

కడప: ఇప్పుడే తెరిచి చూశానన్నా. క్లౌడ్ కంపెనీది. వెండర్ పేరే లేదు.

కర్నూలు: నీ మొదటి లోటు అదే. ఆ కాగితం క్లౌడ్ కంపెనీ తన పని ఎలా నడుపుతోందో చెబుతుంది. మీ రోగుల వివరాలు వెండర్ మనుషుల్లో ఎవరెవరు తెరవగలరు, ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఎప్పుడు తీసేస్తారు అన్నవి అందులో ఉండవు. ‘వెండర్‌కు భద్రత లేదు’ అని మాత్రం రాయకు. మనకు తెలిసింది రుజువు రాలేదన్నంతవరకే.

బ్యాకప్ గురించి ఇలా రాయి: “లోటు: రీస్టోర్ పరీక్ష తేదీ, పట్టిన సమయం ఇవ్వలేదు. రిస్క్: సర్వర్ పోతే రికార్డులు తిరిగి వస్తాయో లేదో, ఓపీ కౌంటర్ ఎన్ని గంటలు ఆగుతుందో తెలియదు. అడగాల్సింది: చివరి పరీక్ష రిపోర్టు.” ఇంకోటి, రోజుకొక బ్యాకప్ అంటే అన్నీ సవ్యంగా ఉన్నా ఒక రోజు ఎంట్రీలు పోవచ్చు. దానికి ఒప్పుకోవాల్సింది డాక్టర్లు, ఐటీ వాళ్లు కాదు.

ప్రొద్దుటూరు: మేమూ ఇలాంటివి నింపుతుంటాం సార్. సాక్ 2 అనే భద్రతా ఆడిట్ టైప్ 1 రిపోర్టు జతచేస్తే సరిపోతుందా?

కర్నూలు: ఇక్కడ అడుగుతున్నది నింపడం గురించి కాదండీ, వచ్చినవి చదవడం గురించి. అయినా చెబుతాను: టైప్ 1 ఒక తేదీన ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూస్తుంది. కొన్ని నెలలపాటు అవి నిజంగా నడిచాయా అన్నది టైప్ 2లోనే తెలుస్తుంది. రివ్యూయర్ అడిగేది దాన్నే.

అనంతపురం: సరే, ‘అవును’లూ చూడాలని ఒప్పుకుంటాను. కానీ రీస్టోర్ రిపోర్టు కోసం కొనుగోలు ఆపాలా? నెల గడువు పెట్టి ఒప్పందంలో రాయించుకుంటే చాలదా?

కర్నూలు: రోగుల రికార్డులు కాబట్టి నేనైతే ఆపుతాను. ఒకసారి డేటా ఎక్కించాక గడువు దాటినా వెనక్కి రాలేం.

కడప: మా పాత సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నెలాఖరుకు అయిపోతుందన్నా. రెండు దారులూ రాసి రివ్యూయర్ గారికే వదులుతాను. రిపోర్టు పంపమని వెండర్‌కు ఇప్పుడే మెయిల్ పెడుతున్నాను.