తల్లిపాలు తాగే బిడ్డ విరేచనంలో నెత్తుటి చారలు: తల్లి పథ్యం, డబ్బా పాల ఎంపిక

పర్లాకిమిడి తల్లి:
మా పాపకు రెండు నెలలు నిండాయి. తల్లిపాలే తాగుతోంది, బరువు పెరుగుతోంది, జ్వరం లేదు. కానీ జిగురుతో కలిసిన పసుపుపచ్చ విరేచనంలో సన్నని నెత్తుటి చారలు కనిపిస్తున్నాయి. డాక్టరు గారు పరీక్షించి, మలద్వారం దగ్గర చీలిక లేదని, ఆవుపాల ప్రోటీన్ పడకపోవడమే కావచ్చని చెప్పి నన్ను పాలు, పెరుగు మానమన్నారు. మానగానే తగ్గినట్టే తగ్గి, రెండో వారంలో చారలు మళ్ళీ కనిపించాయి. తల్లిపాలు ఆపేసి డబ్బా పాలు పట్టమని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఏ డబ్బా తీసుకోవాలి?

రాయగడ నాన్న:
మా బాబుకు విరేచనాలు పట్టుకున్నప్పుడు లాక్టోజ్ లేని పొడి వాడాము, రెండు రోజుల్లో కుదుటపడ్డాడు. మీరూ అదే వాడండి. లేదంటే మేకపాలు తేలిగ్గా అరుగుతాయి.

బరంపురం పిల్లల వైద్యుడు:
రాయగడ మిత్రులు చెప్పింది వేరే సమస్య. విరేచనాల తరువాత కొంతకాలం పాలలోని చక్కెర అరగకపోవచ్చు, అప్పుడు ఆ పొడి పనిచేస్తుంది. ఇక్కడ తంటా ప్రోటీన్‌తో, అది లాక్టోజ్ లేని పొడిలోనూ ఉంటుంది. మేక, గేదె పాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్‌కు ఎంత దగ్గరివంటే, ఆవుపాలు పడని బిడ్డల్లో చాలామందికి అవీ పడవు. బిడ్డ ఎదుగుతున్నంత వరకు తల్లిపాలు ఆపవలసిన పని లేదు. అమ్మా, నిన్న ఉదయం నుంచి మీరు తిన్నవన్నీ రాయండి.

పర్లాకిమిడి తల్లి:
ఉదయం కాయం ఉండ, అది నేతితో చేసినది. పాలు లేని టీతో రస్కు. మధ్యాహ్నం పప్పన్నం, వేడి అన్నంలో ఒక చెంచా నెయ్యి, వెల్లుల్లి కారం. రాత్రి చారన్నం. నెయ్యి పాలు కాదు కదా అని మా అత్తగారు మాననివ్వలేదు.

బరంపురం పిల్లల వైద్యుడు:
నెయ్యిలో ప్రోటీన్ తక్కువే, కానీ ఇంట్లో కాచిన నెయ్యి అడుగున గోధుమ రంగులో మిగిలే మడ్డి పాల ప్రోటీనే. చాలామంది బిడ్డలకు వడకట్టిన నెయ్యి ఏమీ చేయదు. కానీ పరీక్షా కాలంలో సందేహం మిగలకూడదు గనుక రెండు వారాలు పూర్తిగా మానండి. రస్కు పొట్లం మీద పాల పొడి, వే, కేసీన్ వంటి మాటలు ఉన్నాయేమో చూడండి. నెత్తురు సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది, పూర్తిగా పోవడానికి రెండు వారాలు పట్టవచ్చు. నెత్తురు ఎక్కువగా పడినా, ఆకుపచ్చని వాంతులు, పొట్ట ఉబ్బరం, జ్వరం, మగత కనిపించినా పథ్యం ఫలితం కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

గుణుపురం బామ్మ:
పాలు మానితే బాలింతకు ఎముకల బలం పోతుందని భయపడకండి. మా ఇంట్లో తెలగపిండి, మునగాకు కలిపి కూర వండి పెట్టేవాళ్ళం, పొద్దున్నే చోడి అంబలి ఇచ్చేవాళ్ళం. అయినా మా రోజుల్లో ఈ జబ్బు పేరే వినలేదు, ఇప్పుడు ప్రతిదానికీ అలర్జీ అంటున్నారు.

బరంపురం పిల్లల వైద్యుడు:
బామ్మగారి వంటకాలు బాగున్నాయి, నువ్వుల్లోనూ చోళ్ళలోనూ కాల్షియం బాగా ఉంటుంది. తల్లికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి గనుక పథ్యం సాగితే కాల్షియం, విటమిన్ డి మాత్రలు కూడా డాక్టరును అడగండి.

జయపురం అక్క:
నాకు పాలు చాలక డబ్బా తప్పలేదు. ప్రోటీన్‌ను బాగా చిన్న ముక్కలు చేసిన పొడి రాశారు, ఇక్కడ దొరక్క విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాము. ధర మామూలు డబ్బాకు చాలా రెట్లు, రుచి చేదు. మొదట బాబు మొహం తిప్పేశాడు, విరేచనం ఆకుపచ్చగా మారితే భయపడ్డాను, అది మామూలేనన్నారు. హెచ్.ఏ. అని రాసి ఉన్నది చవకగా ఉంటే తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు.

బరంపురం పిల్లల వైద్యుడు:
తీసుకోకూడదు, అందులో ప్రోటీన్ సగమే విరిగి ఉంటుంది. మొదటి ఎంపిక మీకు రాసినదే. అదీ పడకపోయినా, బిడ్డ ఎదగకపోయినా అమైనో ఆమ్లాల పొడి రాస్తారు. సోయా పొడిని ఆరు నెలల లోపు సాధారణంగా సూచించరు, ఆ తరువాత కూడా కొందరికి సోయా పడదు.

పర్లాకిమిడి తల్లి:
నెయ్యి, రస్కు మానాక చారలు పోయాయి. ఇప్పుడు రెండు వారాలు దాటాక నన్ను మళ్ళీ పెరుగు తిని చూడమంటున్నారు. తగ్గినదాన్ని కెలకడం ఎందుకని మా వారు ఒప్పుకోవడం లేదు.

బరంపురం పిల్లల వైద్యుడు:
చారలు వాటంతట అవే తగ్గే బిడ్డలూ ఉన్నారు. అందుకే వారం రోజులు పెరుగు తిని చూడకుండా ఈ పేరు ఖాయం చేస్తే, తల్లి అనవసరంగా నెలల తరబడి పథ్యం ఉంటుంది. మళ్ళీ నెత్తురు కనిపిస్తే మానేయండి, పథ్యం కనీసం ఆరు నెలలో, బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు వచ్చేవరకో సాగుతుంది.

పర్లాకిమిడి తల్లి:
అయితే ఆరో నెలలో అన్నప్రాశనకు పరమాన్నం?

జయపురం అక్క:
మేము కొబ్బరి పాలతో వండాము. పురోహితులు అభ్యంతరం చెప్పలేదు, మా అత్తగారే మూడు రోజులు మాట్లాడలేదు.